అల్లెగ్రో, క్రెషెందో, రుబాతో: క్వాయర్‌లో కొత్తగా చేరినవారు స్కోర్ మీది ఇటాలియన్ మాటలను పాడే పద్ధతి

నేను క్వాయర్‌లో చేరిన మొదటి ప్రాక్టీసులో, స్కోర్ మీద, అంటే పాట స్వరాలు రాసిన కాగితం మీద, తొమ్మిదో బార్ దగ్గర 'క్రెష్.' అని, క్రెషెందోకు పొట్టి రూపం, చిన్న అక్షరాల్లో ఉంది. బార్ అంటే రెండు నిలువు గీతల మధ్య భాగం. పక్కన కూర్చున్న ఆమెను అడిగితే "గొంతు పెరగాలి అని అర్థం" అన్నారు. సరేనని ఆ మాట రాగానే గొంతు పెంచాను. కండక్టర్ చెయ్యి ఆపి, "పెరగడం మొదలుపెట్టమని రాశారు. మీరు అప్పుడే పెరిగిపోయారు. ముందు ఇంకా ఎనిమిది బార్లున్నాయి, అక్కడ ఏం చేస్తారు?" అని అడిగారు.

నాకు చెప్పిన అర్థం తప్పు కాదు. కానీ అర్థం తెలిసినంత మాత్రాన ఆ మాటను పాడలేం. ఈ ఇటాలియన్ మాటల్లో చాలావరకు ఒక ప్రయాణాన్ని సూచిస్తాయి. కాబట్టి ఏ మాట కనిపించినా మూడు ప్రశ్నలు వేసుకోవాలి: ఎక్కడి నుంచి? ఎక్కడి దాకా? ఎంతసేపట్లో? వేగం, గొంతు స్థాయి, కాలాన్ని సాగదీయడం అనే మూడు పనులకు ఒక్కో మాట తీసుకుని, ఈ ప్రశ్నలతో ఎలా పాడాలో చూద్దాం. ఈ మూడూ చేతికొస్తే తక్కినవాటిలో ఎక్కువ భాగం వాటి చుట్టాలే.

మనం చూడబోయే ఊహా పాట ఇలా ఉంటుంది. బార్‌కు నాలుగు బీట్లు. పైన ఎడమవైపు 'అల్లెగ్రో మా నోన్ త్రోప్పో', పక్కనే క్రాచెట్ అనే నోట్ గుర్తు, సమానం, 126. మొదటి బార్‌లో వాలు అక్షరం పి. తొమ్మిదో బార్‌లో 'క్రెష్. పోకో ఆ పోకో'. పదిహేడో బార్‌లో ఎఫ్. ఇరవై ఒకటో బార్‌లో 'రుబాతో'. ఇరవై ఐదో బార్‌లో 'ఆ టెంపో', దాని కింద 'సుబితో పి'.

మొదటి మెట్టు: పాడకముందు పెన్సిల్‌తో చదవడం

స్కోర్ చేతికి రాగానే స్వరాల జోలికి వెళ్లకండి. పెన్సిల్ తీసుకుని మీ గొంతు వరస, అంటే సొప్రానో, ఆల్టో, టెనర్, బాస్‌లలో మీది ఏదో ఆ వరస వెంటే వెళ్తూ ఇటాలియన్ మాట కనిపించిన ప్రతిచోటా సున్నా చుట్టండి. వేగానికి సంబంధించిన మాటలు సాధారణంగా అన్ని వరసలకూ పైన ఒక్కచోటే ఉంటాయి. కొత్తవాళ్లు తమ వరసనే చూస్తూ వాటిని దాటేస్తారు. గొంతు స్థాయి గుర్తులు మాత్రం క్వాయర్ స్కోర్లలో ఎక్కువగా ఒక్కో వరసకు పైన విడివిడిగా ఉంటాయి, ఎందుకంటే కింద పాట మాటలు ఉంటాయి. ఆల్టోకు పి ఉన్నచోట సొప్రానోకు ఎఫ్ ఉండొచ్చు. పక్క వరస గుర్తు చూసి పాడితే పాట బరువే మారిపోతుంది.

ఉచ్చారణ విషయంలో తెలుగువాళ్లకు ఒక సౌకర్యం ఉంది. ఇటాలియన్‌లో ట, డ లాగా రాసేవి పలకడంలో మన త, దలకు దగ్గర. అందుకే ఫోర్టే కాదు ఫోర్తే, రుబాటో కాదు రుబాతో, క్రెసెండో కాదు క్రెషెందో. ద్విత్వాన్ని కూడా మనలాగే నొక్కి పలుకుతారు, అందుకే అల్లెగ్రో. మీ క్వాయర్‌లో అందరూ క్రెసెండో అంటుంటే అదే అనండి, గొడవేం లేదు. అసలు ఉచ్చారణ తెలిస్తే కండక్టర్ ఏ విధంగా పలికినా గుర్తుపడతారు.

ఇవన్నీ ఇటాలియన్‌లోనే ఎందుకున్నాయంటే, పదహారో శతాబ్దం చివర్లో, పదిహేడో శతాబ్దంలో ఇలాంటి సూచనలు స్వరాల పక్కన రాయడం ఇటలీ స్వరకర్తలు అలవాటు చేశారు. వెనిస్‌లో జోవాన్నీ గాబ్రియేలీ 1597లో ప్రచురించిన ఒక వాద్య రచన పేరులోనే పియాన్, ఫోర్తే అనే మాటలున్నాయి. ఎక్కడ మెల్లగా, ఎక్కడ గట్టిగా వాయించాలో అందులో అచ్చువేసి చెప్పారు. ఇటలీ సంగీతంతో పాటు ఆ మాటలు కూడా యూరప్ అంతా వెళ్లాయి.

రెండో మెట్టు: అల్లెగ్రో

అల్లెగ్రో అంటే ఇటాలియన్‌లో 'ఉల్లాసంగా' అని. వేగంగా అన్న అర్థం సంగీతంలో తర్వాత బలపడింది. మెల్జెల్ అనే ఆయన మెట్రోనోమ్‌కు, అంటే నిమిషానికి ఇన్నిసార్లని టిక్కుమంటూ బీట్ చూపే పరికరానికి, పేటెంట్ తీసుకున్నది 1815లో. అంతకుముందు స్వరకర్తలకు నిమిషానికి ఇన్ని బీట్లని రాసే తేలికైన సాధనం లేదు, అందుకే పాట స్వభావాన్ని బట్టి వేగాన్ని ఊహించుకోమని ఇలాంటి మాటలు రాసేవారు. ఈ రోజుల్లో అల్లెగ్రో అంటే దాదాపు 120 నుంచి 156 బీట్ల మధ్య అని లెక్క. కొన్ని మెట్రోనోమ్‌ల మీద పై హద్దు ఇంకా ఎక్కువే ఉంటుంది. మన పాటలో పక్కనున్న 'మా నోన్ త్రోప్పో' అంటే 'కానీ మరీ ఎక్కువ వద్దు'. అందుకే 126.

అంకె కన్నా ముందు ఆ అంకె ఏ నోట్‌కు చెందుతుందో చూడండి. ఇక్కడ క్రాచెట్ ఉంది కాబట్టి ఒక్కో బీట్ ఒక్కో క్రాచెట్. అదే రెండు క్రాచెట్ల పొడవుండే మినిమ్‌కు 126 అని ఉంటే పాట రెండింతలు వేగంగా ఉంటుంది. ఇంట్లో ప్రాక్టీస్ చేసుకొచ్చి, క్వాయర్‌లో అందరికంటే సగం వేగంలో పాడేవాళ్లను చూశాను. కారణం ఎప్పుడూ ఈ చిన్న గుర్తే.

126 అంటే ఒక బీట్‌కు అర సెకను కన్నా కాస్త తక్కువ. ఇంత తక్కువ కాలంలో రెండు ఇబ్బందులు వస్తాయి, ఒకటి ఊపిరి, రెండు హల్లులు.

కొత్తవాళ్లు ఒక బీట్ విరామం దొరకగానే ముందు కాస్త ఆగి, ఆఖరి క్షణంలో గబుక్కున ఊపిరి లాగుతారు. తర్వాతి మాట ఆలస్యమవుతుంది. విరామం మొదలైన క్షణం నుంచే ఊపిరి తీయడం మొదలుపెట్టి బీట్ అంతా తీసుకోండి. ఆ ఊపిరి కూడా పాట వేగంలోనే ఉండాలి. కండక్టర్ మొదటి బీట్‌కు ముందు చెయ్యి పైకెత్తడాన్ని గమనించండి, ఆ ఎత్తడంలోనే అల్లెగ్రో వేగం ఉంటుంది. మీ ఊపిరి ఆ చేతితో పాటు లోపలికి వెళ్లాలి.

హల్లుల సంగతి ఇంకా సూక్ష్మం. బీట్ మీద పడాల్సింది అచ్చు, హల్లు దానికంటే ముందే పలికేయాలి. 'స్వరమే' అన్న మాట మొదటి బీట్ మీద ఉందనుకోండి. స, వ రెండూ బీట్‌కు ముందే అయిపోయి, వాటి వెనకున్న 'అ' బీట్ మీద పడాలి. బీట్ మీద 'స' మొదలుపెడితే ఆ 'అ' వచ్చేసరికి ఆలస్యమవుతుంది. ఆ చిన్న తేడా ఒక్కరి గొంతులో తెలియదు, కానీ ముప్పై మంది చేస్తే పాట కాళ్లీడుస్తున్నట్టు ఉంటుంది. కండక్టర్ "మీరు వెనకబడుతున్నారు" అంటే చాలామంది వేగం పెంచబోతారు. చాలాసార్లు వేగం సరిగ్గానే ఉంటుంది, హల్లు లేటు, అంతే.

ప్రాక్టీస్ ఇలా చేయండి. స్వరం లేకుండా, మెట్రోనోమ్‌ను 84 దగ్గర పెట్టి పాట మాటల్ని లయలో పలకండి. నాలుక తడబడిన చోట పెన్సిల్ గీత పెట్టండి. అక్కడ మాత్రమే నాలుగైదు సార్లు చేసి, 96, 108, 118, 126 అంటూ పెంచండి. తడబాటు లేకుండా వరసగా మూడుసార్లు వచ్చాకే తర్వాతి అంకెకు వెళ్లండి. 126 దగ్గర మాటలు తేలిగ్గా వచ్చాక స్వరం కలపండి. వేగంగా పాడేటప్పుడు గొంతు తేలికగా ఉండాలి. దవడను మరీ తెరిస్తే మూయడానికి సమయం చాలదు.

మూడో మెట్టు: క్రెషెందో

క్రెషెందో అంటే 'పెరుగుతూ'. ఆ 'తూ'లోనే అంతా ఉంది. అది శిఖరం పేరు కాదు, ఎక్కడం పేరు. ఆ మాట కనిపించిన బీట్ మీద మీ గొంతు అంతకుముందు ఉన్నంతే ఉండాలి. ఇప్పుడు మూడు ప్రశ్నలూ వేయండి.

ఎక్కడి నుంచి? వెనక్కి చూస్తూ రండి, చివరిసారి ఏ గుర్తు కనిపించిందో అదే మీ మొదలు. మన పాటలో మొదటి బార్‌లోని పి. అది పియానో, అంటే మెల్లగా. ఎక్కడి దాకా? ముందుకు చూడండి, పదిహేడో బార్‌లో ఎఫ్. అది ఫోర్తే, అంటే బలంగా. ఎంతసేపట్లో? తొమ్మిది నుంచి పదహారు దాకా ఎనిమిది బార్లు, 32 బీట్లు. 126 వేగంలో సుమారు 15 సెకన్లు. 'పోకో ఆ పోకో' అంటే 'కొంచెం కొంచెంగా' కాబట్టి ఆ పదిహేను సెకన్లూ పెరుగుతూనే ఉండాలి.

చివరి గుర్తు రాసి లేకపోతే ఊహించుకోవద్దు. కండక్టర్‌ను అడిగి పెన్సిల్‌తో రాసుకోండి.

ఇప్పుడు స్కోర్ మీద అంకెలు వేసుకుందాం. పియానోకు 3, మెద్జో పియానోకు 4, మెద్జో ఫోర్తేకు 5, ఫోర్తేకు 6 అనుకోండి. మెద్జో అంటే సగం, ఓ మోస్తరు. సమానంగా పంచితే రెండేసి బార్లకు ఒక అంకె పెరగాలి. కానీ నా సలహా వేరు. తొమ్మిది, పది, పదకొండు బార్లలో 3 దగ్గరే ఉన్నామా అనిపించేంత తక్కువగా పెరగండి. పన్నెండు, పదమూడులో 4. పద్నాలుగు, పదిహేనులో 5. పదహారో బార్ నాలుగు బీట్లలో 6కు చేరండి. ఎందుకంటే క్వాయర్‌లో అందరికీ ముందే పెరిగిపోయే అలవాటు ఉంటుంది. మొదట్లో దాచుకున్నది చివర్లో పనికొస్తుంది. వినేవాళ్లకు కూడా పెరుగుదల చివర్లోనే బాగా తెలుస్తుంది.

గొంతు పెంచడం అంటే గొంతు నొక్కడం కాదు. ఊపిరి మరింత స్థిరంగా బయటికి పంపండి, అచ్చును లోపల మరింత తెరవండి, 'అ' పాడేటప్పుడు నోటి వెనక భాగం పైకి లేచినట్టు ఉండాలి. మెడ నరాలు బిగుస్తున్నాయంటే తప్పు దారిలో ఉన్నట్టే.

ఎనిమిది బార్లు ఒక్క ఊపిరితో రావు. అందుకే క్వాయర్‌లో ఒకరి తర్వాత ఒకరు ఊపిరి తీసుకుంటారు. మీ పక్కవాళ్లతో ముందే మాట్లాడుకుని, ఎవరు ఏ బార్‌లో తీసుకుంటారో కామా గుర్తు పెట్టుకోండి. బార్ గీత దగ్గర తీసుకోవద్దు, అందరికీ అక్కడే తీసుకోవాలనిపిస్తుంది. పొడుగు అచ్చు మధ్యలో మెల్లగా ఆపి, ఊపిరి తీసుకుని, ఆగినప్పటి కన్నా కాస్త తక్కువ గొంతుతో తిరిగి కలవండి. మాటను మళ్లీ మొదలుపెట్టకూడదు, ఆ అచ్చులోకే జారిపోవాలి.

తప్పు జరుగుతోందని తెలియడానికి మూడు గుర్తులున్నాయి. మొదటిది, పరుగు. గొంతు పెరుగుతుంటే వేగం కూడా పెరిగిపోతుంది, క్వాయర్లలో అన్నిటికన్నా మామూలు జబ్బు ఇదే. మెట్రోనోమ్ 126 దగ్గర పెట్టి ఈ ఎనిమిది బార్లూ పాడితే పదమూడో బార్‌కే దాన్ని దాటేశారో లేదో తెలిసిపోతుంది. రెండోది, పక్కవాళ్ల గొంతు వినబడకపోవడం. పియానోలో ఇద్దరు పక్కవాళ్లూ స్పష్టంగా వినబడాలి, ఫోర్తేలో కూడా పక్క వరస వినబడాలి. వినబడట్లేదంటే మీ గొంతు ఒక్కటే బయటికి పొడుచుకొచ్చినట్టు. మూడోది, శ్రుతి. బలం పెంచితే శ్రుతి పైకి జరుగుతుంది, మెల్లగా పాడితే కిందికి దిగిపోతుంది. అందుకే క్రెషెందోకు తిరగేసిన 'దిమినుయెందో', అంటే 'తగ్గుతూ', పాడటం ఇంకా కష్టం. గొంతు తగ్గించినా ఊపిరి బలం తగ్గించకూడదు.

ఫోన్‌లో రికార్డ్ చేసి వినేవాళ్లు ఒక విషయం గుర్తుంచుకోండి. చాలా ఫోన్లు మెల్లని ధ్వనిని పెంచి, గట్టి ధ్వనిని తగ్గించి అన్నీ ఒకే స్థాయికి తెస్తాయి. మీరు మంచి క్రెషెందో పాడినా రికార్డింగ్‌లో చదునుగా వినిపిస్తుంది. రికార్డింగ్‌ను శ్రుతి, వేగం చూసుకోవడానికే వాడండి. గొంతు స్థాయి గురించి గది చివర నిలబడ్డ మనిషిని అడగండి.

స్కోర్‌లో క్రెషెందో మాట బదులు పొడుగ్గా విచ్చుకునే రెండు గీతలు కూడా ఉండొచ్చు. అర్థం అదే. గీతలు కలిసిన చోట మొదలు, విడిపోయిన చోట చివర. గీతలు కచ్చితంగా ఏ అక్షరం మీద ముగుస్తున్నాయో చూడండి.

నాలుగో మెట్టు: రుబాతో

రుబాతో అంటే 'దొంగిలించిన' అని. పూర్తి మాట 'టెంపో రుబాతో', దొంగిలించిన కాలం. ఇది మొదట్లో గాయకుల విద్యే. ఇటలీ గాయకుడు పియెర్ ఫ్రాంచెస్కో తోసి 1723లో గానం గురించి రాసిన పుస్తకంలో దీన్ని వివరించాడు. కింద బాస్ నిలకడగా నడుస్తుంటే, పైన పాడేవారు ఒకచోట కాలాన్ని లాక్కుని, మరోచోట తిరిగి ఇచ్చేసేవారు. తర్వాతి కాలంలో అందరూ కలిసి సాగే, కలిసి ముందుకు కదిలే రుబాతో కూడా వచ్చింది. క్వాయర్‌లో మీకు ఎదురయ్యేది ఎక్కువగా ఈ రెండోదే.

అందువల్ల మొదటి నియమం: క్వాయర్‌లో రుబాతో మీ సొంత నిర్ణయం కాదు. ఆ కాలం కండక్టర్ చేతిలో ఉంటుంది. స్కోర్ చూస్తూ రుబాతో పాడటం అసాధ్యం. ఇరవై ఒకటో బార్ పైన కళ్లజోడు బొమ్మ వేయండి, చాలా క్వాయర్లలో 'తల ఎత్తి చూడు' అనడానికి ఇదే గుర్తు. ఇరవై ఒకటి నుంచి ఇరవై నాలుగు దాకా నాలుగు బార్లూ కంఠతా పట్టండి. నాలుగూ కుదరకపోతే మొదటి రెండు, ఇరవై ఐదుకు ముందు రెండు బీట్లు తప్పనిసరి.

ఇప్పుడు పాడే విధానం. ఈ నాలుగు బార్లూ మామూలు వేగంలో ఏడున్నర సెకన్ల పైచిలుకు. కండక్టర్ ఇరవై ఒకటో బార్‌ను కాస్త ముందుకు నడిపి, ఇరవై రెండో బార్ మూడో బీట్ మీద, అంటే పాటలోని ముఖ్యమైన మాట మీద సాగదీసి, ఇరవై మూడులో మళ్లీ కదిలించారనుకోండి. ఆ మూడో బీట్ మీద నోట్ పొడుగవుతుంది. మీరు చేయాల్సింది మనసులో ప్రతి బీట్‌నూ రెండుగా లెక్కించడం: 'ఒక-టి, రెం-డు, మూ-డు, నా-లుగు'. బీట్ సాగితే ఆ రెండు సగాలూ సమానంగా సాగాలి. అప్పుడు తర్వాతి బీట్ ఎప్పుడు వస్తుందో ముందే తెలిసిపోతుంది. ఈ లెక్క లేకపోతే నోట్ పట్టుకుని ఊరికే వేచి ఉంటారు. పక్కవాళ్లు పాడాక మీరు, మీరు పాడాక వాళ్లు, ఇలా అందరూ అందరి కోసం ఆగితే పాట బరువుగా కిందికి లాగేస్తుంది.

సాగదీసినది ముఖ్యమైన అక్షరం మీదే ఉండాలి. దాని తర్వాతి తేలికపాటి అక్షరాన్ని కూడా అంతే సాగదీస్తే మాట అర్థం చెడుతుంది. మాట చివర 'స్' లాంటి హల్లు ఉంటే దాన్ని కండక్టర్ చేతి కదలికతోనే ముగించండి. గుంపులో స్, స్, స్ అని మూడుసార్లు వినబడితే ఎవరో చూడట్లేదన్నమాట.

రుబాతోను రితార్దాందోతో కలపకండి. రితార్దాందో అంటే క్రమంగా నెమ్మదించడం, అక్కడ కోల్పోయిన కాలం తిరిగి రాదు. రుబాతోలో లాక్కున్నదాన్ని సాధారణంగా ఆ చరణంలోనే ఎక్కడో తిరిగి ఇస్తారు. అందుకే ఇరవై మూడో బార్‌లో వేగం కాస్త పెరిగితే తొందరపడుతున్నామని కంగారుపడి వెనక్కి లాగకండి. ఆ తిరిగి ఇవ్వడం కూడా రుబాతోలో భాగమే.

అయిదో మెట్టు: ఇరవై ఐదో బార్‌కు తిరిగి రావడం

'ఆ టెంపో' అంటే మొదటి వేగానికి తిరిగి రమ్మని. తెలుగులో చదివినా అర్థం చక్కగా సరిపోతుంది: ఆ టెంపోకే వచ్చేయండి. మళ్లీ 126, కానీ మెల్లమెల్లగా కాదు, ఇరవై ఐదో బార్ మొదటి బీట్ నుంచే. కొత్తవాళ్లకు ఈ పాట మొత్తంలో ఇదే కష్టమైన బార్ అని నా అభిప్రాయం, ఎందుకంటే ఒకేసారి రెండు పనులు చేయాలి. 'సుబితో' అంటే వెంటనే. ఎఫ్ నుంచి పికి దిమినుయెందో లేకుండా, మెట్టు దిగినట్టు ఒక్కసారిగా దిగాలి.

దానికి ఇరవై నాలుగో బార్ నాలుగో బీట్‌లోనే సిద్ధం కావాలి. ఆ బీట్‌లో ఊపిరి తీసుకుంటూ లోపల పాత వేగాన్ని వినండి, పాట మొదటి మాటను మనసులో 126లో పలకండి. ఊపిరి నిండుగా తీసుకోండి. మెల్లగా పాడాలి కదా అని తక్కువ తీసుకుంటే శ్రుతి దిగిపోతుంది. నోటి ఆకారం బీట్‌కు ముందే తయారుగా ఉండాలి. మొదటి హల్లును స్పష్టంగా, అచ్చును 3 స్థాయిలో పలకండి. హల్లును కూడా మెల్లగా చేస్తే మాట వినబడదు.

దీన్ని విడిగా ప్రాక్టీస్ చేసే దారి ఇది. ఇరవై మూడో బార్ నుంచి ఇరవై ఆరో బార్ దాకా మాత్రమే తీసుకోండి. మొదట మెట్రోనోమ్ 126లో, రుబాతో లేకుండా, ఎఫ్ నుంచి పికి దిగడం ఒక్కటే చేయండి. తర్వాత మెట్రోనోమ్ ఆపి ఇరవై మూడు, ఇరవై నాలుగులను మీ ఇష్టం వచ్చినట్టు సాగదీసి, ఇరవై ఐదో బార్‌లోకి దూకి, ఇరవై ఆరు చివర మెట్రోనోమ్ ఆన్ చేసి చూడండి. మీ వేగం, దాని వేగం కలిస్తే పాత వేగం మీలో ఉందన్నమాట. కలవకపోతే దాదాపు ఎప్పుడూ మీరే నెమ్మదిగా ఉంటారు, రుబాతో సాగతీత ఇంకా ఒంట్లో ఉంటుంది కాబట్టి. అప్పుడు ఇరవై నాలుగో బార్ నాలుగో బీట్ మీద 'మొదటి మాట' అని పెన్సిల్‌తో రాసుకుని మళ్లీ ప్రయత్నించండి.